తండా మీద నవల రాస్తుంటే ఎవరికి, ఎప్పుడు, ఏం చదివించాలి

ప్రశ్న: నాది తూర్పు గోదావరి. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మహబూబాబాద్‌లో ఉన్నాను. అక్కడి లంబాడా తండా నేపథ్యంలో నవల రాస్తున్నాను, సగం దాటింది. ఆఫీసులో నా కింద పనిచేసే లంబాడా కుర్రాడికి కొంత చూపిస్తే "చాలా బాగుంది సార్" అన్నాడు. అంతటితో సరిపెట్టుకోవచ్చా? ఇంకా ఎవరికి చదివించాలి, ఏం అడగాలి? వాళ్లు అన్నీ మార్చమంటే ఇక అది నా నవల ఎలా అవుతుంది?

జవాబు:

సరిపెట్టుకోవద్దు. ఆ అబ్బాయి సెలవు చీటీ మీద సంతకం పెట్టేది మీరు. మీ నవలలో తప్పులున్నాయని మీ ముఖం మీద ఎలా చెబుతాడు? అతని స్థానంలో నేనున్నా "బాగుంది సార్" అనే అంటాను. అతన్ని ఇంకోసారి అడిగి ఇబ్బంది పెట్టకండి.

నేను లంబాడా ఆడమనిషిని. డోర్నకల్ వైపు తండాలో పెరిగాను. మా మీద బయటివాళ్లు రాసిన కథలు, నవలలు, ఒక్కోసారి సినిమా స్క్రిప్టులు చదివి, ఎక్కడ తేడా కొడుతోందో రాసివ్వడం చాలాకాలంగా చేస్తున్నాను. సగంలో ఉండగా అడిగారు కాబట్టి మీకు చెప్పడం తేలిక. ఎక్కువమంది డీటీపీ అయ్యి, కవరు బొమ్మ కూడా వచ్చేశాక పంపిస్తారు. అప్పుడు నేను ఏం చెప్పినా నాలుగు మాటలు మార్చడానికే పనికొస్తుంది. మాటలు చివరి రోజున కూడా మార్చుకోవచ్చు. చుట్టరికాలు అలా మార్చలేం. అందుకే ముందు అధ్యాయాలు పంపకండి. మూడు నాలుగు పేజీల్లో కథ అస్థిపంజరం రాసి పంపండి. తండా ఏ మండలంలో ఉంది, ఏ సంవత్సరంలో కథ మొదలవుతుంది, ప్రతి పాత్ర ఇంటిపేరు, వయసు, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎవరు ఎవర్ని చేసుకుంటారు, ఎవరు చనిపోతారు, ఏ పండుగ ఎక్కడ వస్తుంది, ఇవన్నీ అందులో ఉండాలి. వర్ణనలు అక్కర్లేదు.

ఇంటిపేర్లు ఎందుకని అడుగుతారేమో. నా దగ్గరికి వచ్చిన ఒక నవల సంగతి చెబుతాను. రాసినావిడ అనుమతి ఉంది, ఊళ్ల పేర్లు మాత్రం చెప్పను.

అందులో అబ్బాయి లావుడ్య, అమ్మాయి మూడ్. ఇద్దరిదీ ఒకటే తండా. ప్రేమించుకుంటారు. అబ్బాయికి ఎకరం చెలక కూడా లేదని అమ్మాయి తండ్రి ఒప్పుకోడు. తండా పెద్ద అయిన నాయక్ దగ్గర పంచాయితీ, జరిమానా, ఆఖరికి ఇద్దరూ హైదరాబాద్ పారిపోవడం. రచయిత్రి చెయ్యి తిరిగిన మనిషి, సంభాషణలు బాగా రాసింది. నాకు ఆవిడ పంపిన ఉత్తరంలో ఒకటే భయం కనిపించింది. ఒక సీన్‌లో ఎస్సై "లంబాడోళ్లు" అని చులకనగా మాట్లాడతాడు, అది తీసెయ్యాలా అని. ఉంచమన్నాను. ఆ ఎస్సై అలాగే మాట్లాడతాడు, చదివేవాళ్లకి కోపం వస్తే అతని మీదే వస్తుంది.

అసలు చిక్కు మొదటి పేజీలోనే ఉంది. మాలో పెద్ద గోత్రాలు రాథోడ్, పవార్, చవాన్, వడిత్య. వడిత్యనే కొన్నిచోట్ల జాదవ్ అంటారు. ఒక్కో గోత్రం కింద బోలెడు ఇంటిపేర్లుంటాయి. మూడ్, లావుడ్య, కొర్ర, కేలోత్, పాల్త్య, సభావత్, ఈ ఆరూ చవాన్ కిందికే వస్తాయి. మీ వైపు ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకోరు కదా. మాకు ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటైతే అన్నాచెల్లెళ్లే. అంటే ఆ నవలలో ప్రేమించుకున్నది అన్నా చెల్లీ.

దీంతో నవలలో ఏమేం కూలాయో చూడండి. ఆ తండ్రి పేదరికం గురించి మాట్లాడటం అబద్ధమైపోయింది, ఆ పరిస్థితిలో ఏ తండ్రికీ ఎకరం చెలక గుర్తుకురాదు. అమ్మాయి పిన్ని బావి దగ్గర అబ్బాయిని "ఏం అల్లుడూ" అని ఆటపట్టించే ముచ్చటైన సీన్ ఒకటుంది. తండాలో పుట్టినవాళ్లు దాన్ని చదివితే ఒళ్లు జలదరిస్తుంది. నాయక్ పంచాయితీలో పెద్దమనుషులు అరగంట మాట్లాడతారు, అసలు విషయం ఒక్కరూ ఎత్తరు. మా పిల్లలు ఎవరు చదివినా అక్కడితో పుస్తకం మూసేస్తారు. ఎస్సై తిట్టుకు ఎవరూ మూయరు.

నేను రాసింది చదివి ఆవిడ అదే రాత్రి మెసేజ్ పెట్టింది: "అయితే అబ్బాయిని భుక్యా, అమ్మాయిని రాథోడ్ చేసేస్తాను, ఇప్పుడు సరేనా?" సరికాదు. భుక్యా అంటే రాథోడే. ఖమ్మం, వరంగల్, నల్గొండ వైపు భుక్యా, బానోత్, ధరావత్ లాంటి ఇంటిపేర్లతో పిలుచుకుంటాం. ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్ర హద్దు దగ్గర, నేరుగా రాథోడ్, జాదవ్, పవార్, చవాన్ అనే వాడతారు. ఒకే తండాలో పక్కపక్క ఇళ్లకు ఒకరికి ఆ రకం పేరు, ఇంకొకరికి ఈ రకం పేరు పెడితే, రాసినవాళ్లు ఏదో జాబితా చూసి ఏరుకున్నారని మాకు తెలిసిపోతుంది. అందుకే ఒకసారి తప్పు చెప్పించుకుని మీ అంతట మీరు దిద్దేసుకోకండి. దిద్దినదాన్ని మళ్లీ చూపించండి. మొదటి నుంచే రెండు విడతల చదువుకి మాట్లాడుకోవడం మంచిదనేది ఇందుకే.

ఆవిడ ముందు రెండు దారులున్నాయి. గోత్రం అలాగే ఉంచితే, ప్రేమకు అడ్డం ఆ గోత్రమే అవుతుంది. కానీ అది వేరే నవల. అందులో తండ్రి దుర్మార్గుడు కాడు, తండా మొత్తానికీ ఒక న్యాయం ఉంటుంది, దాన్ని లోపలినుంచి రాయాలి. ఆ బరువు ఎత్తుకోలేనని ఆవిడే చెప్పింది. తెలివైన మాట. రెండో దారి, అమ్మాయిని బానోత్ చేయడం. బానోత్ వడిత్య కిందికి వస్తుంది కాబట్టి లావుడ్య వాళ్లకు వరస కలుస్తుంది. అప్పుడు పేదరికం గొడవ నిలబడుతుంది.

అయితే కంప్యూటర్లో ఒక పేరు తీసి ఇంకో పేరు పెడితే పని అయిపోదు. అబ్బాయి స్నేహితుడు పాల్త్య వాడొకడున్నాడు. పాత కథలో అతను అమ్మాయి తండ్రిని బాబాయిలా చూస్తాడు, ఇప్పుడు మామ వరస అయ్యాడు, మాటల తీరు మారాలి. ఆ నవలలో తండా మూడు తరాల కింద ఒకే కుటుంబం వచ్చి వేసుకున్నదని ఇంకోచోట ఉంది. అలాంటప్పుడు అందులో ఎక్కువ ఇళ్లు ఒకే గోత్రం వాళ్లవి ఉండటం సహజం. అమ్మాయి పక్క తండా నుంచి వస్తే బాగుంటుందన్నాను. మరి ఇద్దరూ కలుసుకునేది ఎక్కడ? మా వైపు మిరప తోటలున్నాయి. కాయ ఏరే రోజుల్లో నాలుగు తండాల జనం ఆటోల్లో ఎక్కి ఒకే చేనుకు వెళతారు. బావి దగ్గరి సీన్లు మిరప చేలోకి వెళ్లాయి. అధ్యాయాలు కొన్ని తిరగరాయాల్సి వచ్చింది. ఆవిడకు చిరాకు పుట్టిన సంగతి ఫోన్‌లో నాకు బాగానే తెలిసింది. సగం రాసినప్పుడే చూపించి ఉంటే ఆ చిరాకు సగం తగ్గేది.

తర్వాత తీజ్ పండుగ. ఆవిడ రాసిన తీజ్‌లో తండా ఆడవాళ్లంతా, పెళ్లయినవాళ్లు, ముసలివాళ్లు, అందరూ గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడతారు, మధ్యలో బుట్టలుంటాయి. చదవగానే అర్థమైంది, బతుకమ్మకు మా బట్టలు కట్టేశారు. తీజ్ పెళ్లికాని పిల్లల పండుగ. శ్రావణ మాసంలో తొమ్మిది రోజులు జరుగుతుంది. నాయక్ అనుమతి తీసుకుని, బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. ఆ తొమ్మిది రోజులూ ఆ పిల్లలే పాటలు పాడుకుంటూ నీళ్లు పోస్తారు. మొలకలు ఎవరి బుట్టలో ఎత్తుగా వస్తే వాళ్లకు గొప్ప. ఆఖరి రోజు వాగులోనో చెరువులోనో వదిలేస్తారు. మధ్యలో ఒక సరదా ఉంది. నానిన శనగలను ఆడపిల్లలు రేగు కొమ్మ ముళ్లకు గుచ్చుతుంటే, వరసైన మగపిల్లలు ఆ కొమ్మ ఊపేస్తూ ఏడిపిస్తారు. వేళ్లకు ముళ్లు గుచ్చుకుంటాయి, తిట్లు, నవ్వులు.

నేను ఇదంతా రాసిచ్చింది పండుగ గురించి పాఠం చెప్పడానికి కాదు. ఆవిడకు కావాల్సిన ప్రేమ సీను అక్కడే ఉంది. గోత్రం సరి చేశాక, పక్క తండాలో మేనత్త ఇంటికి వచ్చిన లావుడ్య పిల్లగాడికి బానోత్ అమ్మాయి పట్టుకున్న కొమ్మను ఊపే హక్కు వచ్చింది. పాత కథలో ఉండుంటే అతను కొమ్మ ముట్టుకోవడమే తప్పయ్యేది. చుట్టరికం ముందు చూడాలని నేను ఇంత పట్టుబట్టేది ఇందుకే. పండుగలో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎవరితో నవ్వవచ్చో అంతా దాని మీదే నడుస్తుంది.

అస్థిపంజరం నిలబడ్డాక అధ్యాయాలు చదివించండి. అప్పుడు నేను ప్రధానంగా చూసేది ఒకటే. కథ ఎవరి కళ్లతో నడుస్తోంది? తండాలో పుట్టిన పాత్ర కళ్లతో నడుస్తున్నప్పుడు, ఆ పాత్రకు రోజూ కనిపించేవి కొత్తగా కనిపించకూడదు.

ఆ నవలలోనే అబ్బాయి కళ్లతో ఒక పెళ్లి భోజనం ఉంది. సలోయి వడ్డిస్తారు. మేక నెత్తురు, లోపలి భాగాలు వేసి వండే కూర అది. "నల్లగా గడ్డకట్టిన నెత్తుటి ముద్దలు, ముక్కుపుటాలదిరే వాసన" అని రాసింది. చిన్నప్పటినుంచి దానికోసం ఎదురుచూసి, గిన్నె అడుగున మిగిలింది తమ్ముడికి దొరక్కుండా నాకేసిన పిల్లాడు అలా అనుకుంటాడా? ఉప్పు తక్కువైందనో, కారం చాల్లేదనో, మా యాడి, అంటే అమ్మ, చేస్తే ఇంకా మెత్తగా ఉండేదనో అనుకుంటాడు. అసహ్యం ఎక్కడా మాటల్లో లేదని ఆవిడ వాదించింది. వాసన ఎవరి ముక్కుకు తగిలిందో చూసుకోమన్నాను. అదే సీనులో సిటీ నుంచి వచ్చిన రెడ్డి స్నేహితుడొకడున్నాడు. ఆ వాక్యం అతనికిచ్చేస్తే చక్కగా సరిపోతుంది. చివరికి అలాగే చేసింది. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు.

బట్టల దగ్గరా ఇదే గొడవ. 2019లో జరిగే కథలో డిగ్రీ చదివే అమ్మాయి అద్దాల ఫేటియా లంగా, కాంచళి రవిక వేసుకుని బస్సెక్కుతుంది. మా వైపు ఆ వయసు పిల్లలు చుడీదార్లలో ఉంటారు. అద్దాల బట్టలు రోజూ కట్టేది వాళ్ల నానమ్మలు. మిగతావాళ్లు పెళ్లికో, తీజ్‌కో, ఎవరైనా మంత్రిగారు వస్తే స్వాగతానికో తీస్తారు. అంతకన్నా ఇబ్బందిగా ఉన్నదేమిటంటే, ఆ అమ్మాయికి జుట్టు పక్కన వేలాడే ఘుగ్రి, టోప్లి కూడా పెట్టింది. అవి పెళ్లయిన ఆడదాని గుర్తులు. ఫొటో చూసి రాసినట్టుంది. ఫొటోలో వస్తువు కనిపిస్తుంది కానీ అది ఎవరు పెట్టుకోవాలో కనిపించదు. మీరు కూడా నెట్‌లో బొమ్మలు చూసి రాసిన చోట్లన్నీ పసుపు రంగు మార్కర్‌తో గుర్తుపెట్టి పంపండి. చదివేవాళ్ల టైమ్ కలిసొస్తుంది.

భాష సంగతి మీ నవలలో ఎలా ఉందో తెలియదు కానీ, తప్పకుండా వచ్చే సమస్య కాబట్టి చెబుతున్నాను. బయటివాళ్లు రాసినప్పుడు మా ముసలమ్మలు "నాకు తెల్వద్ బాబూ, నేను వస్త పోత" అన్నట్టు ముక్కల తెలుగు మాట్లాడతారు. ముసలమ్మ షావుకారుతో మాట్లాడేటప్పుడు అలాగే మాట్లాడవచ్చు, తప్పులేదు. కానీ ఇంట్లో మనవరాలితో మాట్లాడేది మా సొంత భాష గోర్ బోలీ. అందులో ఆవిడ సామెతలు చెబుతుంది, ఎకసెక్కాలాడుతుంది, అవసరమైతే తిట్లతో దులిపేస్తుంది. ఆ మాటల్ని మీరు తెలుగులో రాస్తున్నారు కాబట్టి మంచి ధారాళమైన తెలుగులోనే రాయండి. ఇంట్లో కూడా వచ్చీరాని తెలుగు పెడితే ఆ మనిషికి బుర్ర లేదనిపిస్తుంది. గోర్ బోలీకి సొంత లిపి లేదు, తెలుగు లిపిలో రాసుకుంటాం. యాడి, భియా లాంటి నాలుగైదు పిలుపులు ఉంచుకుంటే చాలు. ఆ నాలుగైదూ మీ తండా ఉన్న ప్రాంతం మనిషితోనే దిద్దించండి. ఆదిలాబాద్ మాటకు, మా మాటకు తేడా ఉంటుంది.

ఇక ఎవరికి చదివించాలని అడిగారు. కనీసం ఇద్దరు కావాలి. ఇద్దరూ మీ కథ జరిగే ప్రాంతం వాళ్లయి ఉండాలి, మీ మీద ఏ రకంగానూ ఆధారపడనివాళ్లయి ఉండాలి. అందులో ఒకరైనా ఆడమనిషి కావాలి, ఎందుకంటే పెళ్లి, పురుడు, పండుగ దగ్గర మగవాళ్లకు తెలిసింది సగమే. యూనివర్సిటీలో చదువుకున్న మా పిల్లలు దొరుకుతారు, రాసేవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లలో కొందరు హాస్టళ్లలో పెరిగినవాళ్లు, పంచాయితీ ఎలా జరుగుతుందో వాళ్లకూ విన్నదే. అందుకని మూడో మనిషిగా ఒక పెద్దావిడను వెతకండి. ఆవిడకు చదువు రాకపోవచ్చు. మంచం పక్కన కూర్చుని మూడు నాలుగు సీన్లు చదివి వినిపించండి, తెలుగు అర్థం కాని చోట మనవరాలు చెబుతుంది. ఆవిడ "బాగుంది" అంటే పట్టించుకోకండి. ఎక్కడ మధ్యలో ఆపి "అట్ల కాదు" అంటుందో, మీరు ఏడిపించాలని రాసిన చోట ఎక్కడ నవ్వుతుందో రాసుకోండి.

మీ కథలో ఉట్నూరు, ఆసిఫాబాద్ ప్రాంతం గానీ, గోండు, కోయ పాత్రలు గానీ ఉంటే మా అభిప్రాయం ఒక్కటే చాలదు. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చింది 1976 చట్ట సవరణ. దానిమీద ఆదివాసీలకు అభ్యంతరాలున్నాయి, 2017 చివర్లో ఆదిలాబాద్ ఏజెన్సీలో పెద్ద గొడవలే అయ్యాయి. భూముల తగాదా కూడా అందులో కలిసి ఉంది. గోండు గూడేన్ని, మా తండాను కలిపేసి "అడవిబిడ్డలు" అని రాస్తే రెండు వైపులా కోపం వస్తుంది. గోండు పాత్రను గోండులకే చదివించండి. వాళ్ల గురించి నేను చెప్పేది కూడా బయటి మాటే అవుతుంది.

ఏం అడగాలి? "ఎవరైనా నొచ్చుకుంటారా?" అని మాత్రం అడగకండి. దానికి "లేదులెండి" అనే మర్యాద జవాబే వస్తుంది. పైగా లంబాడాలందరి తరఫున పూచీ పడమని ఒక్క మనిషి నెత్తిన పెట్టినట్టవుతుంది. ప్రతి అధ్యాయానికీ తేల్చి చెప్పగలిగే ప్రశ్నలు రాసివ్వండి. ఈ మాట ఈ వయసు మనిషి ఈ వరస మనిషితో అంటాడా? ఈ పని ఈ నెలలో చేస్తారా? ఇక్కడ ఎవరు ఉండాలి, నేను ఎవర్ని మర్చిపోయాను? ఈ మనిషి ఇలా చేస్తే మిగతావాళ్లు ఏం చేస్తారు? ఆఖరి ప్రశ్నకే ఎక్కువ సరుకు దొరుకుతుంది. తప్పు ఏమిటో చెప్పమంటే మనుషులు మొహమాటపడతారు, తర్వాత ఏం జరుగుతుందని అడిగితే గంటసేపు చెబుతారు.

ఇద్దరు చదివితే రెండు మాటలొస్తాయి. అప్పుడేం చేయాలన్నది మీ చివరి ప్రశ్నకు దగ్గరగా ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అదే నవలలో ఒక పసిపాపను అమ్మే ఘట్టం ఉంది. 1999, 2001 ప్రాంతాల్లో నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల నుంచి ఆడశిశువులను దత్తత పేరుతో తరలించిన వ్యవహారం పేపర్లలో పెద్దగా వచ్చింది. రెండో పాఠకుడు, వయసులో నాకంటే చిన్నవాడు, ఆ ఘట్టం మొత్తం తీసెయ్యాలన్నాడు. లంబాడా అనగానే పిల్లల్ని అమ్ముకునేవాళ్లని కాలేజీలో అతన్ని ఎగతాళి చేశారు. అతని కోపం న్యాయమైనదే. నేను ఉంచమన్నాను. జరిగింది కాబట్టి రాయవచ్చు. అయితే ఎలా రాశారని చూశాను. తల్లి ఉంది, తాగుబోతు తండ్రి ఉన్నాడు, డబ్బు చేతులు మారింది, అంతే. ఆ పాప ఎక్కడికి వెళ్లింది? ఊళ్లోకి వచ్చి బేరమాడిన బ్రోకర్ ఎవరు? కాగితాలు తయారుచేసిన శిశుగృహం వాళ్లేరి? ఇటువైపు నేరం మొత్తం మా గుడిసెలో జరిగినట్టుంది, అటువైపు మనిషి ఒక్కడూ కనపడడు.

మా ఇద్దరి నోట్సూ పక్కపక్కన పెట్టుకుంటే రచయిత్రికి ఒక సంగతి దొరికింది. ఇద్దరం చెప్పిన మందు వేరు, వేలు పెట్టి చూపించిన చోటు మాత్రం అదే. ఇద్దరు పాఠకులు ఒకే పేజీ దగ్గర ఆగితే అక్కడ ఏదో ఉంది, అది మారాల్సిందే. ఎలా మార్చాలన్నది రచయిత నిర్ణయం. ఆవిడ తీసెయ్యలేదు. బ్రోకర్‌ను తీసుకొచ్చింది. సంతలో టీ తాగించి, ముందు రేషన్ సరుకులు అప్పుగా ఇప్పించి, తర్వాత పాప మాట ఎత్తే మనిషి. శిశుగృహం ఆఫీసులో ఒక సంతకం సీను పెట్టింది. ఆ కుర్రాడు మళ్లీ చదివి, ఇప్పటికీ తనకు ఇష్టం లేదన్నాడు. ఇష్టం లేకపోయినా ఇప్పుడది అబద్ధం కాదన్నాడు. ఆవిడ అతన్ని ఒప్పించాలని ప్రయత్నించలేదు, అది నాకు నచ్చింది.

కాబట్టి నవల మీదే. పాఠకుల నోట్స్‌ను మీరు రెండు కుప్పలు చేసుకోండి. గోత్రం, పండుగ, నగలు, వరసలు లాంటివి వాస్తవాలు. వాటిలో వాదించడానికేమీ లేదు, ఇంకొకరితో సరిచూసుకుని దిద్దేయండి. రెండో కుప్పలో ఎవరి బాధ చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎవరి వైపు నుంచి చెప్పాలి లాంటివి ఉంటాయి. అక్కడ వినండి, ఆలోచించండి, మీకు సరైందనిపించింది చేయండి. నేను చెప్పినవాటిలో ఆ రెండో రకంవి సగమే తీసుకున్న రచయితలున్నారు, వాళ్ల పుస్తకాలు నా ఇంట్లో ఉన్నాయి.

డబ్బు మాట ముందే మాట్లాడుకోండి. ప్రూఫులు దిద్దేవాళ్లకు పేజీకి ఎంత ఇస్తారో కనీసం అంత ఇవ్వండి, రెండో విడతకు వేరుగా. పెద్దావిడ దగ్గరికి వెళితే ఆ పూట కూలి పోయి ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోండి. "మీ జాతి కోసమే కదా" అని ఉచితంగా చదివించుకునేవాళ్లంటే నాకు మంట. చదవడానికి మూడు వారాలైనా ఇవ్వండి. మిరప కోతల్లో, పెళ్లిళ్ల రోజుల్లో పంపిస్తే ఇంకా ఎక్కువ పడుతుంది.

కృతజ్ఞతల పేజీలో పేరు వేసేముందు అడగండి. ఆ నవల చదివిన రెండో కుర్రాడు తన పేరు వద్దన్నాడు, వేయలేదు. నా పేరు వేయమన్నాను గానీ, "లంబాడా సమాజం ఆమోదం పొందిన నవల" అని ప్రచురణకర్త వెనక అట్ట మీద వేయబోతే తీయించాను. నేను చదివాను, అంతే. రేపు నల్గొండలో ఎవరైనా చదివి తప్పు పడితే, నా పేరు చూపించి వాళ్ల నోరు మూయించడం కుదరదు. ఆ తప్పు కూడా రాసుకుని రెండో ముద్రణలో దిద్దుకోవాల్సింది రచయితే.

మీ అస్థిపంజరం తయారయ్యాక ఇంటిపేర్ల జాబితా ఇక్కడే పెట్టండి. వరసలు కలుస్తున్నాయో లేదో నేనో, మావాళ్లు ఇంకెవరైనానో చూసి చెబుతాం.